గజ్జెల బంతి తెప్పిస్తే చాలా? (చర్చ)

పీఈటీ_కాకినాడ:
మా హాస్టల్లో చూపు లేని పిల్లలు కొందరు ఫుట్‌బాల్ ఆడతామంటున్నారు. చప్పుడు చేసే బంతి ఒకటి తెప్పిస్తే సరిపోతుందా? కాలు లేనివాళ్ల ఆటకూ ఇవే రూల్సా?

శ్రీను_డిఫెండర్:
బంతి ఉంటే చాలు సార్. జట్టుకు ఐదుగురు, గోలీతో సహా అందరికీ కళ్లకు గంతలు. కొంచెం వెలుగు తెలిసేవాళ్లకు మాత్రం గంతలు అక్కర్లేదనుకుంటా.

గోల్_వెనకాల:
ఐదుగురన్నది సరే, మిగతాది తారుమారైంది శ్రీనూ. గోలీ చూపున్నవాడు, గంతలుండవు. కానీ 2 మీటర్ల లోతున్న తన గడి దాటి రాకూడదు. మిగతా నలుగురికీ గంతలు తప్పనిసరి. ఒకరికి వెలుగు తెలిసి, ఇంకొకరికి తెలియకపోతే ఆట సమానంగా ఉండదు కదా.

సార్, బంతి కన్నా ముందు గొంతుల సంగతి చూడండి. మైదానాన్ని అడ్డంగా మూడు భాగాలు అనుకోండి. మన గోల్ దగ్గర గోలీ, మధ్యలో పక్కనున్న కోచ్, ప్రత్యర్థి గోల్ వెనక నిలబడే గైడ్. బంతి ఎవరి భాగంలో ఉంటే వాళ్లే చెప్పాలి. మా పిల్లాడు ఒకడు మధ్యలోంచి బంతి తీసుకెళ్తుంటే కోచ్ "కుడికి, ఖాళీ ఉంది" అన్నాడు. చివరి భాగంలోకి రాగానే నేను అందుకుని "ఎనిమిది మీటర్లు, కాస్త ఎడమ, కొట్టు" అన్నాను. అదే సమయంలో కోచ్ కూడా అరిచాడు. పిల్లాడు ఆగిపోయాడు, బంతి పోయింది.

బంతి కోసం వెళ్లే డిఫెండర్ "వోయ్" అని అరవాలి, లేదంటే ఫౌల్. లేకపోతే తలలు ఢీకొంటాయి. పెనాల్టీ 6 మీటర్ల నుంచి. ముందు గైడ్ రెండు గోల్ స్తంభాలనూ ఇనుప ముక్కతో తట్టి వినిపిస్తాడు.

పీఈటీ_కాకినాడ:
బంతి ఆగిపోతే?

గోల్_వెనకాల:
చప్పుడు ఆగిపోతుంది. అందుకే రెండు కాళ్ల మధ్య చిన్నచిన్న తాకుళ్లతో నడిపించడం నేర్పాలి. గాల్లోకి లేపితే కూడా సరిగా వినపడదు. ప్రాక్టీసుకు మామూలు బంతిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కట్టినా గలగలమంటుంది. పక్కల మీటరు ఎత్తు పలకలు మాత్రం వదలొద్దు. బంతి తగిలి లోపలికే వస్తుంది, పిల్లలకు అంచూ తెలుస్తుంది.

రమణ_వరంగల్:
నాకు మోకాలి కింద కాలు లేదు, కృత్రిమ కాలుతో నడుస్తాను. అది పెట్టుకునే ఆడొచ్చా?

ఊతకర్ర_7:
లేదన్నా, తీసేయాలి. ఏడుగురి ఆట. ఆరుగురు చేతికర్రల మీద ఒంటికాలితో, గోలీ మాత్రం ఒక చెయ్యి లేనివాడు. కర్రతో కావాలని బంతిని ఆపితే హ్యాండ్‌బాల్ లెక్క. కోసిన కాలితో తాకినా అంతే. జారి టాకిల్ చేయకూడదు, ఆఫ్‌సైడ్ లేదు. పోలండ్ ఆటగాడు మార్చిన్ ఒలెక్సీ కర్రల మీదే గాల్లోకి లేచి కొట్టిన గోల్‌కు 2022 పుష్కాష్ అవార్డు వచ్చింది, చూడండి. మొదట్లో కాలి కన్నా అరచేతులు, భుజాలు ఎక్కువ నొప్పెడతాయి.

శ్రీను_డిఫెండర్:
కర్రకు పొరపాటున తగిలితే?

ఊతకర్ర_7:
కావాలని కాకపోతే ఫౌల్ కాదు. అది తేల్చేది రెఫరీ. గుంపులో ఉన్నప్పుడు ఆయన కంటికి ఏం కనిపించిందో దేవుడికే తెలుసు, మా దగ్గర దాని మీద గొడవ పడని మ్యాచ్ లేదు.

పీఈటీ_కాకినాడ:
మా మైదానం హైవే పక్కనే, లారీల హారన్లు ఆగవు. హాల్లో ఆడిస్తే నయమా?

గోల్_వెనకాల:
హాల్లో గొంతులు ప్రతిధ్వనిస్తాయి, బంతి ఎటు నుంచి వస్తోందో తెలియదంటారు మా పిల్లలు. రెండు చోట్లా ఓసారి ఆడించి, వాళ్లనే అడగండి సార్.