ఎస్‌డెట్ ఇంటర్వ్యూల గంటన్నర టాస్క్ ఏది పెట్టాలె?

మాది నల్గొండల ఆరుగురు డెవలపర్ల టీం, ఫస్ట్ టైం ఒక ఎస్‌డెట్‌ని తీసుకుంటున్నం. జేడీల సెలీనియం, జావా అని రాస్తే అంతా మాన్యువల్ టెస్టర్లే వచ్చిండ్రు, ఏపీఐ టెస్టులు రాయాలె, సీఐ పైప్‌లైన్ చూసుకోవాలె అని మార్చినంక కొంచెం నయం. టాస్కే కుదుర్తలేదు. ఇంటికిచ్చిన లాగిన్ పేజీ ఆటోమేషన్ అందరిదీ ఒక్కతీరే ఉంది, ఏడికెళ్లి తెచ్చిండ్రో ఏమో. తర్వాత మా ముందల్నే చేయమని ఒక ఫ్లేకీ టెస్ట్ ఇచ్చినం: సేవ్ నొక్కంగనే లిస్టుల కొత్త పేరు కోసం చూస్తది, సర్వర్ జవాబు లేటైతే ఫెయిల్. శానామంది `Thread.sleep(5000)` పెట్టి పాస్ అయిందన్నరు, `WebDriverWait` వాడినోళ్లు గూడ అసలు ఎందుకు ఫెయిలైతుందో చెప్పలే. మనిషి ఎట్ల ఆలోచిస్తడో గంటన్నరల తెల్వాలంటే ఈ ఫ్లేకీ టెస్టే ఉంచాల్నా, లేకుంటే బగ్గులున్న చిన్న ఏపీఐ ఇచ్చి టెస్టులు రాయమనాల్నా?