"ఠావు దప్పలేదు. కోలుకుంటాడు." ఈ కామెంటులో ఠావు ఎవరిది?

అడిగినవారు: మా పెదనాన్నకి గుండెకి బైపాస్ ఆపరేషన్ అయింది, ఇవాళ నాలుగో రోజు. మా అన్నయ్య ఐసీయూ మంచం మీంచి ఆయన చెయ్యి ఫోటో తీసి పెట్టాడు, సూదులూ పట్టీలతో. దాని కింద ఆయన చిన్ననాటి స్నేహితుడు, రిటైరైన తెలుగు మాస్టారు, రెండే రెండు ముక్కలు రాశారు: "ఠావు దప్పలేదు. కోలుకుంటాడు." మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చ. అక్కకి కోపం వచ్చింది, "దప్పలేదు అంటే ఇంకా దప్పలేదని కదా, ఆ మాట ఎందుకు రాయాలి" అని. నాకు మాత్రం ఇది ఎక్కడో విన్న పద్యం ముక్కలా ఉంది. ప్రాణంబులన్... అని ఏదో వస్తుంది. ఆ తర్వాత గుర్తు రావడం లేదు.

నెల్లూరు నుంచి ఒక సభ్యుడు: ఠావు అంటే కాగితం కదండీ. మా స్కూల్లో పరీక్షలకి అర ఠావు, తెల్ల ఠావు అని ఇచ్చేవారు. డిశ్చార్జి కాగితాల గురించేమో చూడండి.

ఛందస్సు సార్: కాగితం కాదు. గజేంద్రుడి మొర. "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ / ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్..." మీరు "ప్రాణంబులన్" అన్నారు, అది "లున్". ఆ ఒక్క అక్షరం మారితే అర్థం పోతుంది. లున్ అంటే "ప్రాణాలు కూడా". బలం లేదు, ధైర్యం చెదిరింది, ఇక ప్రాణాలు కూడా చోటు విడిచాయి అని మెట్టు మెట్టుగా దిగుతుంది. ఠావు అనే మాట అక్కడ ప్రాస కోసం పడింది. లావు, ఠావు, నీవే, రావే, అన్నిటా రెండో అక్షరం వకారం. పైగా ఆ పాదంలో యతి "డస్సెన్" దగ్గర, ఠకారానికి డకారం. నెలవు అని పెడితే ప్రాసా నిలవదు, యతీ నిలవదు. కాబట్టి ఆ మాటకి అంతకు మించి లోతు వెతకక్కర్లేదు.

జనగామ అమ్మ: సార్, ఒప్పుకోను. పోతన ఊరు బమ్మెర మా జిల్లాలోనే ఉంది, ఆ మాట ఆయన ప్రాస కోసం అరువు తెచ్చుకోలేదు. మా నాయనమ్మ "ఈ పోరడు ఒక్క ఠావున కూసోడు" అనేది. ఇంకోటి చూడండి. ప్రాణంబులు అని బహువచనం ఎందుకు? ఠావులు అని కూడా బహువచనమే. పంచప్రాణాల్లో ఒక్కోదానికి ఒక్కో చోటు చెప్పారు. ప్రాణం గుండెలో, సమానం బొడ్డు దగ్గర, ఉదానం గొంతులో, అపానం కింద, వ్యానం ఒళ్ళంతా. అవన్నీ ఒకేసారి చోట్లు వదిలితే మిగిలేది "మూర్ఛ వచ్చె". వరుస తప్పకుండా చెప్పాడు పోతన.

ఛందస్సు సార్: ప్రాణాలు బహువచనంలో వాడటం మన భాషలో మామూలే అమ్మా. "ప్రాణాలు పోయాయి" అంటే అయిదూ లెక్కపెట్టి అనడం కాదు కదా.

జనగామ అమ్మ: ఇప్పుడు లెక్కపెట్టం. కానీ మొదట లెక్క ఉండబట్టే బహువచనం నిలిచింది. ఠావులు కూడా బహువచనంలో ఎందుకు పెట్టాడో మీరు చెప్పలేదు.

గుంటూరు నుంచి నర్సు: పద్యం నాకు పదో తరగతితో పోయింది, కానీ ఐసీయూలో పన్నెండేళ్ళు చేశాను. ఆ కామెంటు చదవగానే నాకు మేం చుట్టాలతో అనే మాట గుర్తొచ్చింది: "స్టేబుల్‌గా ఉన్నారు." ఠావు దప్పలేదు అంటే అదే కదా, ఉన్నచోటే ఉన్నాడని. బీపీ, నాడి, ఆక్సిజన్, మూత్రం గంట గంటకీ రాసుకుంటాం. అవి పెద్దగా ఎగరకుండా, పడకుండా ఉంటే ఆ మాట అంటాం. కానీ ఒకటి చెప్పాలి. స్టేబుల్ అంటే బాగయినట్టు కాదు. వెంటిలేటర్ మీద ఉన్నవారిని కూడా స్టేబుల్ అంటాం. చుట్టాలు ఆ మాట విని ఇంటికి వెళ్ళి పాయసం వండుకున్న రోజులు చూశాను, మర్నాడు మళ్ళీ ఏడుస్తూ రావడమూ చూశాను. అందుకే మాస్టారు రెండో వాక్యం విడిగా రాశారనిపిస్తుంది. మొదటిది ఇవాళ్టి సంగతి, రెండోది ఆయన నమ్మకం. రెండూ ఒకటి కాదు.

అడిగినవారు: నర్సమ్మగారూ, ఇది మా అక్కకి చదివి వినిపించాను. మనసు కొంచెం కుదుటపడింది అంది.

జనగామ అమ్మ: చూశారా, మీ అక్కే జవాబు చెప్పింది! కుదుట. కుండ కింద పెట్టే కుదురు లేదూ, ఆ కుటుంబం మాటే. ప్రాణం కుదుటపడటం అంటే కుండ కుదురు మీద ఒరగకుండా కూర్చోవడం. ఠావు తప్పడానికి సరిగ్గా ఎదురు మాట అది.

విశాఖ నుంచి ఒక కుర్రాడు: నా డౌటు రెండో వాక్యం మీద. "కోలుకోవాలి" అనకుండా "కోలుకుంటాడు" అన్నారు. పేపర్లో ఎప్పుడూ "త్వరగా కోలుకోవాలని ఆకాంక్షించారు" అనే వస్తుంది. అసలు కోలు అంటే ఏంటి? కోల అంటే కర్ర కాబట్టి కర్ర పట్టుకుని లేవడం అనుకునేవాడిని. మా తాతయ్య తుంటి ఎముక విరిగాక అలాగే లేచాడు.

ఛందస్సు సార్: కర్ర కాదు బాబూ. వీడుకోలు, వేడుకోలు, మేలుకోలు, కొనుగోలు, వీటిలో ఉన్న కోలు అది. కొను నుంచి వచ్చిన నామం. తీసుకోవడం, పట్టుకోవడం అని అర్థం. దాని జంట మాట చూడు: కోల్పోవు. పాత రూపం కోలుపోవు. చేతికి చిక్కింది పోతే కోలుపోవడం, పోయింది మళ్ళీ చేతికి తీసుకుంటే కోలుకోవడం. తేరుకోవడం వేరు. అది మురికి నీళ్ళు తేరినట్టు, మూర్ఛ నుంచీ, ఉలికిపాటు నుంచీ. అది ఒక్క పూటలో అవుతుంది. కోలుకోవడం మెల్లగా, పోయినదాన్ని కొంచెం కొంచెంగా తిరిగి తెచ్చుకోవడం. మాస్టారు తేరుకుంటాడు అనలేదు, కోలుకుంటాడు అన్నారు. మాట తెలిసి ఎంచుకున్నారు.

గుంటూరు నుంచి నర్సు: అది నూటికి నూరు పాళ్ళు నిజం సార్. మత్తు నుంచి తేరుకోవడం గంటల పని. రొమ్ము ఎముక కోసి మళ్ళీ తీగలతో కట్టేస్తారు, అది అతుక్కోవడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారం మంచం మీంచి కుర్చీలోకి మారితేనే డస్సిపోతారు. మీ పద్యంలో ఆ మాట ఉంది కదా, "తనువున్ డస్సెన్." సరిగ్గా అంతే.

విశాఖ నుంచి ఒక కుర్రాడు: మరి "కోలుకోవాలి" కన్నా "కోలుకుంటాడు" గట్టిదా?

ఛందస్సు సార్: పాతకాలమైతే "కోలుకొనుత" అనేవారు. "శుభమగుత" లాగ, ఆశీర్వాదానికి వేరే రూపమే ఉండేది. మాట్లాడే తెలుగులో అది పోయింది, ఆ పని ఇప్పుడు "కుంటాడు" చేస్తోంది. "కోవాలి"లో కోరిక ఉంది, "కుంటాడు"లో దీవెన ఉంది.

జనగామ అమ్మ: మా వైపు "మంచిగైతడు" అంటాం. అదీ ఆ రూపమే. దీవెన అని వేరేగా చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ళు అంటే దీవెనే. కానీ సార్, ఇక్కడ స్నేహితుడు అన్నాడు. ఈడువాడు దీవించడు. నా మాట ఏమంటే, అది మొండితనం. "వాడు ఊరుకోడు, కోలుకుంటాడు" అన్నట్టు.

ఛందస్సు సార్: వయసులో ఆయన ఒక నెల పెద్దేమో, మీకెలా తెలుసు?

అడిగినవారు: ఇద్దరూ ఒకే క్లాసు. ఎవరు పెద్దో మాకూ తెలియదు. ఇవాళ సాయంత్రం పెదనాన్నని వార్డుకి మార్చారు. కామెంటు చదివి వినిపిస్తే "వాడు నన్ను ఏనుగు అన్నాడ్రా" అని నవ్వబోయి, కుట్లు నొప్పెట్టి ఆగిపోయాడు. ఆయనకి పద్యం మొత్తం వచ్చు. మూడో పాదం చెప్తూ "నీవే తప్ప నితఃపరం" దగ్గర ఆయాసం వచ్చి ఆపేశాడు.

జనగామ అమ్మ: దగ్గొచ్చినప్పుడు గుండెకి దిండు అదిమి పట్టుకోమనండి, మా ఆయనకి అలాగే చెప్పారు. మిగతా పాదం ఆయన్ని రేపు చెప్పమనండి. సార్, మీరు ఠావుల్ బహువచనం సంగతి ఇంకా తేల్చలేదు.