వేవిళ్లకు హెర్బల్ టీ: అల్లం సరే, అతిమధురం మాటేమిటి?

బెజవాడ కోడలు: నాకు తొమ్మిదో వారం, వేవిళ్లు ఎక్కువ. కాఫీ మానేసి రోజుకు మూడు కప్పుల హెర్బల్ టీ తాగుతున్నాను. ప్యాకెట్ మీద తులసి, అల్లం, అతిమధురం, దాల్చినచెక్క అని రాసుంది. అత్తగారు మంచిదంటున్నారు, అక్క వద్దంటోంది. తాగొచ్చా?

గోదారి పిన్ని: అల్లం వేడి చేస్తుందమ్మా, మూడో నెల దాటేదాకా ముట్టుకోకు. అతిమధురం గొంతుకు మందు, దాంతో భయం లేదు. ప్యాకెట్‌వి మాని ఇంట్లోనే కాచుకో.

మందుల షాపు అన్న: పిన్నిగారూ, ఇంట్లో కాచుకోమన్నది మంచి మాట. మిగతాది మాత్రం తారుమారైంది. వేవిళ్లకు అల్లం పనిచేస్తుందని గర్భిణుల మీదే పరీక్షించి చూశారు. రోజుకు ఒక గ్రాము శొంఠి, అంటే సుమారు అర టీస్పూను పొడి, రెండు మూడు సార్లుగా తీసుకోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుని అడగాలి.

ఆపాల్సింది అతిమధురం. తల్లి ఒంట్లోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బిడ్డకు ఎక్కువగా చేరకుండా మాయలో ఒక ఎంజైమ్ అడ్డుకుంటుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఆ ఎంజైమ్‌నే అణిచేస్తుంది. మూత్రపిండాల్లోనూ అదే జరిగితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు బాగా తింటారు. అక్కడ వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లలు పన్నెండేళ్ల వయసులో తెలివితేటల పరీక్షల్లో వెనకబడినట్టు తేలింది.

ఇద్దరు పిల్లల తల్లి: నాకు రెండో కాన్పయ్యాక మెంతుల కషాయం ఇచ్చారు, పాలు బాగా పడ్డాయి. నువ్వూ తాగు చెల్లీ.

మందుల షాపు అన్న: అది బాలింతల సంగతి తల్లీ, ఈ అమ్మాయికి ఇంకా తొమ్మిదో వారమే. కడుపుతో ఉన్నప్పుడు కూరలో, పోపులో మెంతులు ఫరవాలేదు. రోజూ కషాయంగా మాత్రం వద్దు.

సందేహరావు: వాళ్లు తిన్నది మిఠాయి, ఈమె తాగేది టీ. పైగా అతిమధురం వల్లే అలా అయిందని రుజువు కాలేదు కదా. ఎందుకండీ భయపెట్టడం?

మందుల షాపు అన్న: రుజువు కాలేదు, ఒప్పుకుంటాను. ఇప్పటిదాకా తాగినదానికి ఆమె బెంగపడక్కర్లేదు కూడా. కానీ ప్యాకెట్ మీద అతిమధురం ఎంత వేశారో ఉండదు. రోజుకు మూడు కప్పులు నెలల తరబడి తాగితే లెక్క తెలిసే దారి లేదు. బీపీ చూపించుకున్నప్పుడు ఈ టీ సంగతి డాక్టరుకు చెప్పమ్మా. తలనొప్పి, కాళ్ల వాపు, కండరాలు పట్టేయడం ఉంటే వెంటనే చెప్పు. మంచినీళ్లు కూడా ఇమడక మూత్రం తగ్గితే టీలతో కాలం గడపకుండా ఆసుపత్రికి వెళ్లు.

బెజవాడ కోడలు: ఆ ప్యాకెట్ పక్కన పెట్టేశానన్నా. మరి తులసి?

మందుల షాపు అన్న: కషాయంలో రెండు మూడు ఆకులకు నేను అడ్డు చెప్పను. చిక్కటి తులసి సారం, మాత్రలు వద్దు. దాల్చినచెక్క వంటలో వేసేంత చాలు.

గోదారి పిన్ని: నేనైతే తులసీ వద్దంటాను. గర్భం నిలవాలంటే తులసి కూడదని మా ఇంట్లో పెద్దలు అనేవారు.

మందుల షాపు అన్న: ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు గర్భం నిలవడం తగ్గింది పిన్నిగారూ, మీ మాట కొట్టిపారేయలేను. మనుషుల్లో రెండాకుల తులసికి అంత ప్రభావం ఉంటుందని మాత్రం నేననుకోను.

గోదారి పిన్ని: అనుకోవడం వేరు, తెలియడం వేరు నాయనా. మా కోడలికైతే నేనివ్వను.