క్లయింట్ ఇంట్లో మరణం: సంతాప మెయిల్ ఎలా రాయాలి? సాయంత్రంలోగా కావాలి

డీటీపీ_డెస్క్:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, కుదరడం లేదు. మా క్లయింట్ గారి ఇంట్లో ఒకరు చనిపోయారు. మా ఓనర్ గారు "సంస్థ తరఫున మర్యాదగా ఒక మెయిల్ పెట్టు" అని చెప్పి ఊరెళ్ళిపోయారు. నెట్‌లో దొరికిన నమూనాలు కొన్ని మరీ బిగుసుకుపోయి ఉన్నాయి, కొన్ని మరీ నాటకంలా ఉన్నాయి. ఇప్పటికి రాసింది ఇది:

"గౌరవనీయులైన సార్ గారికి, తమ కుటుంబంలో జరిగిన విషాదం గురించి తెలిసి మిక్కిలి చింతిస్తున్నాము. వారి పవిత్ర ఆత్మకు సద్గతి, పుణ్యలోక ప్రాప్తి కలగాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము. ఈ విషాద సమయంలో మా సంస్థ తమకు అన్ని విధాలా అండగా ఉంటుందని తెలియజేస్తున్నాము. అలాగే పెండింగ్‌లో ఉన్న ప్రూఫులు వీలు చూసుకుని పంపగలరు. ఇట్లు, మేనేజ్‌మెంట్."

చదువుతుంటే నాకే మనసొప్పడం లేదు. ఎక్కడ తేడా ఉందో చెప్పండి.

గోదారి_గట్టు:
ప్రూఫుల వాక్యం తీసేయండి. "మేనేజ్‌మెంట్" తీసేసి మనిషి పేరు పెట్టండి. పంపేయండి.

యూనికోడ్_మిత్రుడు:
మీ పేరు చూస్తే డీటీపీ వారిలా ఉన్నారు, అందుకే ముందు ఇది చెప్పాలి. మెయిల్‌ని పేజ్‌మేకర్‌లో పాత "అను" ఫాంట్లతో టైపు చేసి అతికించకండి. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. మీ దగ్గర బాగానే కనిపిస్తుంది కాబట్టి పంపేవారికి తెలియదు. దాన్ని తప్పించుకోడానికి కొందరు సంతాపాన్ని జేపీజీ బొమ్మ చేసి జత చేస్తారు. ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పైన ఖాళీ, కింద ఒక ఫైలు. దుఃఖంలో ఉన్న మనిషి దాన్ని నొక్కి, పెద్దది చేసుకుని చదవాలా? నేరుగా మెయిల్‌లోనే యూనికోడ్‌లో టైపు చేయండి. ముందు మీ సొంత మెయిల్‌కి పంపుకుని ఫోన్‌లో చూడండి. తెలుగు ప్రచురణ రంగం ఇంకా పాత ఫాంట్లను పట్టుకుని వేలాడడం గురించి నేను చాలాకాలంగా చెబుతూనే ఉన్నాను.

ఫ్లెక్స్_ప్రింటింగ్:
శ్రద్ధాంజలి అయితే ఫొటో మంచిది తీసుకోండి, జననం, మరణం తేదీలు సరిచూసుకోండి, కింద "మీ అడుగుజాడల్లో" అని వేసి కుటుంబసభ్యుల పేర్లు వరసగా ఇవ్వాలి. పేపర్లో వేయించాలంటే జిల్లా పేజీకి చెప్పండి, మెయిన్‌కి ఖర్చెక్కువ.

డీటీపీ_డెస్క్:
అన్నా, ప్రకటన కాదు. మెయిల్.

పాత_టైపిస్టు:
అమ్మా, నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసు ఉత్తరాలు రాసినవాణ్ణి. మీ చిత్తు చూసి ఏదీ చెప్పలేను, ఎందుకంటే అందులో ఎవరు పోయారో లేదు. తల్లా, తండ్రా, భార్యా, బిడ్డా? ఎప్పుడు జరిగింది? ఆ ఇంటివాళ్ళది ఏ మతం? పోయిన మనిషి మీకు ముఖపరిచయమా? మెయిల్ ఎవరి పేరు మీద వెళ్తుంది? ఇవి చెప్పండి, తర్వాత వాక్యాల సంగతి చూద్దాం.

డీటీపీ_డెస్క్:
సార్, మామూలు సంతాపానికి ఇవన్నీ కావాలా? సరే. క్లయింట్ పుస్తకాల ప్రచురణకర్త. మాతో ఎప్పుడూ తెలుగులోనే ఉత్తరప్రత్యుత్తరాలు. పోయింది ఆయన భార్య. సోమవారం జరిగింది, మంగళవారం భూస్థాపన అయిపోయింది. క్రైస్తవులు. ఆవిడ లెక్కలు చూసేవారు. ప్రతి పుస్తకానికీ కవర్ ఖాయం చేసేముందు నాకే ఫోన్ చేసేవారు, అట్ట వెన్ను, అదే స్పైన్ మీద పేరు దూరం నుంచి చదవగలమా అని అడిగేవారు. మెయిల్ ఓనర్ గారి పేరు మీద వెళ్తుంది.

పాత_టైపిస్టు:
చూశారా, మీ మెయిల్‌కి కావలసిన అసలు వాక్యం మీ దగ్గరే ఉంది. స్పైన్ సంగతి. అది ఇంకెవరూ రాయలేరు. సంతాపం నిజమైనదని చదివేవారికి తెలిసేది అలాంటి ఒక్క వివరం వల్లే. "తమ కుటుంబంలో జరిగిన విషాదం" అంటే పోయిన మనిషిని పేరు పెట్టి పలకడానికి కూడా వెనకాడినట్టు ఉంటుంది. పేరు రాయండి, "గారు" చేర్చండి. మతం ఎందుకు అడిగానంటే మీ చిత్తులో "పుణ్యలోక ప్రాప్తి" ఉంది.

మేరీ_బాపట్ల:
అవునండీ, అది మా ఇళ్ళలో వాడం. "ప్రభువునందు నిద్రించారు" అంటాం. అయితే బయటివాళ్ళు కావాలని ఆ మాట తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. "మరణించారు" అన్నా గౌరవంగానే ఉంటుంది. "దేవుడు మీకు ఆదరణ ఇవ్వాలి" అంటే మాకు దగ్గరగా ఉంటుంది.

శ్రీకాకుళం_రాజు:
ఎందుకింత గొడవ? "వారి ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తున్నాం" అంటే అన్ని మతాలకూ సరిపోతుంది. అందరూ అదే రాస్తారు.

మేరీ_బాపట్ల:
అందరికీ కాదండీ. కథోలికులు చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు, చర్చిలో పూజ చేయిస్తారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో సాధారణంగా చనిపోయినవారి కోసం ప్రార్థించడం ఉండదు, బతికున్న కుటుంబం కోసమే ప్రార్థిస్తారు. మీరు రాస్తే ఎవరూ కోప్పడరు. కానీ ఏ సంఘమో తెలియనప్పుడు కుటుంబం గురించి రాయడమే మేలు.

శ్రీకాకుళం_రాజు:
మా ఊళ్ళో క్రైస్తవులే ఆత్మశాంతి అని బ్యానర్లు కడతారు.

పాత_టైపిస్టు:
కడతారు, కాదనను. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఆఫీసు ఉత్తరంలో మాత్రం పోయినవారు ఎక్కడికి వెళ్ళారో మనం చెప్పకుండా, ఉన్నవారికి ఏం కోరుకుంటున్నామో చెబితే ఏ ఇంటికైనా ఇబ్బంది ఉండదు. హిందువుల్లోనూ ఇది ఒకేలా లేదు. శైవుల ఇంటికి "శివైక్యం", వైష్ణవుల ఇంటికి "పరమపదించారు" అని తెలిసి రాస్తే అందం. తెలియక తారుమారు చేస్తే ఇబ్బంది.

కవిత_కరీంనగర్:
నా సంగతి చెబుతాను. మా నాన్న పోయినప్పుడు నాకు వ్యాపార మెయిల్స్ చాలా వచ్చాయి. ఒక సప్లయర్ నుంచి చక్కటి సంతాపం వచ్చింది, ఆ మర్నాడే అదే అడ్రసు నుంచి "మీ బిల్లు గడువు దాటింది" అని ఇంకో మెయిల్. వాళ్ళు కావాలని చేయలేదని నాకు తెలుసు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానంతట అదే పంపింది. అయినా రెండోది చూశాక మొదటిదాని విలువ పోయింది. ఇంకొకాయన నాతో పాటు చాలామందికి సీసీ పెట్టి పంపారు, మా మేనేజర్లు కూడా అందులో ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది ఒక్క మెయిల్. "జవాబు రాయాల్సిన పని లేదు" అని చివర ఉంది. ఆ రోజుల్లో ప్రతి మెయిల్‌కీ జవాబు రాయాలనే టెన్షన్ ఉండేది నాకు.

పాత_టైపిస్టు:
కవిత గారు చెప్పింది ముందు చేయండి. మెయిల్ పంపకముందే మీ బిల్లింగ్‌లో ఆ క్లయింట్ పేరు తీసి, ఆటోమేటిక్ రిమైండర్లు ఆపండి. మీవాళ్ళు ఆఫర్లు, గ్రీటింగులు అందరికీ కలిపి పంపే జాబితా ఉంటే అందులోంచి కూడా కొన్నాళ్ళు తీసేయండి.

తర్వాత, పాత మెయిల్‌కి రిప్లై కొట్టి రాయొద్దు. పైన "ప్రూఫులు పెండింగ్" అనే విషయం, కింద పాత బిల్లుల ముచ్చట అంతా వెళ్తుంది. కొత్త మెయిల్ తెరవండి. మీ సంతకం కింద కంపెనీ బ్యానర్, "మా సేవలు" లాంటివి ఉంటే ఈ ఒక్కదానికి తీసేయండి. "చదివారా" అని రసీదు అడిగే ఏర్పాటు ఉంటే అదీ ఆపండి. ఆయనొక్కరికే పంపండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇలా రాశాను, మార్చుకోండి:

విషయం: శ్రీమతి ____ గారి మృతికి సంతాపం

"____ గారికి,

సోమవారం ____ గారు మరణించారని తెలిసి మేమంతా చాలా బాధపడ్డాం. మీకు, మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి.

ప్రతి పుస్తకానికీ కవర్ ఖాయం చేసే ముందు ఆవిడ స్వయంగా ఫోన్ చేసి, స్పైన్ మీద పేరు దూరం నుంచి చదవగలమా అని అడిగేవారు. పాఠకుడి కోసం ఆవిడ చూపిన ఆ శ్రద్ధను మా డెస్కులో అందరం గౌరవించేవాళ్ళం.

ఈ సమయంలో దేవుడు మీ కుటుంబానికి ఆదరణ, ధైర్యం ఇవ్వాలని కోరుకుంటున్నాం. దయచేసి ఈ మెయిల్‌కు జవాబు రాసే శ్రమ తీసుకోవద్దు.

భవదీయుడు,
(ఓనర్ గారి పేరు)"

"అన్ని విధాలా అండగా ఉంటాం" తీసేశాను. ఏం చేస్తామో చెప్పకుండా ఆ మాట అంటే, ఏం కావాలో ఆలోచించి అడగాల్సిన భారం ఆయన మీదే పడుతుంది. "తమకు" కూడా మార్చాను. మీరు మామూలుగా ఆయనకు "మీరు" అనే రాస్తారు కదా? సంతాపంలో ఒక్కసారిగా "తమరు" అంటే దూరమైపోయినట్టు ఉంటుంది.

సాహితీ_సేవకుడు:
"సానుభూతి" అంటే జాలి అనిపిస్తుంది. "సంతాపం" ఉండాలి. పూర్వం "సతీవియోగానికి" అని హుందాగా రాసేవారు.

పాత_టైపిస్టు:
"సంతాపం" విషయంలో ఉంది కదా. "ప్రగాఢ సానుభూతి" ఆఫీసు ఉత్తరాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే, దాన్ని ఎవరూ జాలిగా తీసుకోరు. "సతీవియోగం" ఈ రోజుల్లో పత్రికలో శీర్షికలా వినిపిస్తుంది.

సాహితీ_సేవకుడు:
నేను ఒప్పుకోను, కానీ ఇక్కడ పొడిగించను.

డీటీపీ_డెస్క్:
స్పైన్ వాక్యం చదివి కళ్ళలో నీళ్ళొచ్చాయి సార్. కానీ ఓనర్ గారు ఫోన్‌లో ప్రూఫుల మాట ఉండాల్సిందే అంటున్నారు. పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాల్సిన తేదీ దగ్గర పడింది, కాగితం కూడా కొనేశాం.

గోదారి_గట్టు:
ఇంకో మెయిల్. ఇంకో మనిషికి.

పాత_టైపిస్టు:
అంతే. వాళ్ళ ఆఫీసులో ఎడిటరో, ఇంకెవరైనా బాధ్యులో ఉంటారు. వారికి విడిగా రాయండి: "ఫలానా పుస్తకం ప్రూఫులు మీ దగ్గర నుంచి రావాల్సి ఉన్నాయి. ప్రెస్ తేదీని మేం వాయిదా వేయించగలం. సార్ గారిని అడగకుండా మీరు నిర్ణయం తీసుకోగలిగితే చెప్పండి, లేకపోతే ఆగుతాం." ఎన్నాళ్ళు ఆపగలరో ముందు ప్రెస్సువాళ్ళని కనుక్కుని ఆ తేదీ కూడా రాయండి.

కవిత_కరీంనగర్:
నాకైతే సంతాపంలోనే "పని గురించి ఆలోచించకండి, తేదీ మేం సర్దుకుంటాం" అని ఒక ముక్క ఉంటే బాగుండేది అనిపిస్తుంది. నేను ఆ రోజుల్లో ఆర్డర్లు ఏమయ్యాయోనని రాత్రిళ్ళు నిద్రపోలేదు.

మేరీ_బాపట్ల:
నేనైతే వద్దంటాను. పని ఊసే లేని మెయిల్ ఒకటైనా రావాలి ఆయనకి.

పాత_టైపిస్టు:
అది ఆయన స్వభావాన్ని బట్టి ఉంటుంది. పనిలో పడితే తేరుకునే మనిషైతే కవిత గారి మాట, లేకపోతే మేరీ గారి మాట. ఆయన సంగతి మీకే తెలుస్తుంది.

శ్రీకాకుళం_రాజు:
అసలు మెయిల్ ఏమిటండీ, వెళ్ళి పలకరించి రావాలి. మన పద్ధతి అదే.

మేరీ_బాపట్ల:
వెళ్ళగలిగితే వెళ్ళాలి. కుటుంబాన్ని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడితే ఆ తేదీ కనుక్కుని ఓనర్ గారిని వెళ్ళమనండి. మెయిల్ పంపినంత మాత్రాన అది మానేయక్కర్లేదు.

యూనికోడ్_మిత్రుడు:
పై నమూనాని ఇక్కడి నుంచి కాపీ చేస్తే యూనికోడ్‌లోనే వస్తుంది. పేజ్‌మేకర్‌లో పెట్టకండి.

డీటీపీ_డెస్క్:
రిమైండర్లు ఆపాను, ఆపకపోతే వచ్చే వారం ఒకటి వెళ్ళేదే. ఓనర్ గారు విడిగా ఎడిటర్‌కి రాయడానికి ఒప్పుకున్నారు. మెయిల్ పంపేశాను. పని గురించిన ముక్క పెట్టలేదు. థాంక్స్ అండీ అందరికీ.

ఫ్లెక్స్_ప్రింటింగ్:
ఆదరణ కూడికకి బ్యానర్ కావాలంటే చెప్పండి.