మార్చి 31 లెక్కలో లాభం సగానికి పైగా పడిపోతోంది, నేనేం తప్పు చేశాను?

రాయగడ_కుర్రాడు
మా మావయ్య ఇక్కడ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఈ ఏడు లెక్కలు నాకు అప్పజెప్పాడు. లాభం 96,000 అని తేల్చాను, ఆయన సంబరపడిపోయాడు. ఆడిటర్ దగ్గర గుమస్తా మాత్రం "సర్దుబాటు పద్దులేవి?" అని వెనక్కి పంపాడు.

ఫిబ్రవరి 1న పదిమంది పిల్లలు ఆరు నెలల కోర్సుకి తలా 6,000 కట్టారు. జనవరి 1న ఏడాదికి సరిపడా ఇన్సూరెన్స్ 7,200 కట్టాం. మార్చి కరెంటు బిల్లు 3,150, అది ఏప్రిల్ 10న వచ్చింది. మాస్టారి మార్చి జీతం 14,000 ఏప్రిల్ 5న ఇచ్చాం. కట్టిన రోజునే రాసుకున్నాను. ఏది ఎటు మార్చాలి?

గుణుపురం_కిరాణా
డబ్బు చేతులు మారిన రోజే రాసుకో తమ్ముడూ, గొడవ ఉండదు. నేను ఇరవై ఏళ్లుగా అలాగే రాస్తున్నాను. ఏడాదికి పన్నెండు కరెంటు బిల్లులే కదా, ఒకటి అటు పోతే ఇంకొకటి ఇటు వస్తుంది.

బరంపురం_పాత_గుమస్తా
కిరాణా గారూ, మీ బిల్లు నెలనెలా ఒకేలా ఉంటే మీ మాట దాదాపు సరిపోతుంది. ఈ అబ్బాయి లెక్క వేరు. 60,000 ఒక్కరోజులో వచ్చింది, మార్చి ఆఖరుకి పాఠం చెప్పింది రెండు నెలలే. నెలకి 10,000 చొప్పున 20,000 సంపాదించారు. మిగతా 40,000 ఇంకా పిల్లలకి బాకీ. డబ్బు కాదు, పాఠాలు బాకీ.

అందుకే మార్చి 31న ఫీజు ఆదాయానికి 40,000 డెబిట్, అడ్వాన్స్ ఫీజుకి క్రెడిట్. ఈ అడ్వాన్స్ ఫీజు అప్పుల వైపు కూర్చుంటుంది. అందరూ తడబడేది ఇక్కడే. చేతిలో డబ్బుంది కదా, అప్పు ఎలా అవుతుందని అడుగుతారు.

ఇన్సూరెన్స్ దీనికి తిరగేసిన బొమ్మ. నెలకి 600, మూడు నెలలకి 1,800 మాత్రమే ఈ ఏడు ఖర్చు. మిగిలిన 5,400 ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్‌కి డెబిట్, ఇన్సూరెన్స్ ఖర్చుకి క్రెడిట్. కరెంటు, జీతం రెండూ మార్చిలో వాడుకున్నవే. రెండు ఖర్చులకీ డెబిట్, చెల్లించాల్సిన ఖర్చులకి 17,150 క్రెడిట్.

96,000 లోంచి 40,000 తీసెయ్, 5,400 కలుపు, 17,150 తీసెయ్. 44,250.

రాయగడ_కుర్రాడు
మావయ్యకి చెప్పాను. "మిగతా యాభై వేలు ఎవడు తిన్నాడు?" అంటున్నాడు.

బరంపురం_పాత_గుమస్తా
బ్యాంకు పాస్‌బుక్ ముందు పెట్టండి. ఈ పద్దుల్లో ఒక్కదానిలోనూ నగదు గానీ బ్యాంకు గానీ రాదు, నిల్వ రూపాయి కూడా కదలదు. సర్దుబాటు పద్దులో బ్యాంకు పేరు కనిపించిందంటే ఎక్కడో తప్పు రాశారని అర్థం.

పర్లాకిమిడి_అద్దెగది
నాదీ ఇదే సమస్య. కొట్టు అద్దెకిచ్చి 50,000 అడ్వాన్స్ తీసుకున్నాను. నెలకి ఎంత ఆదాయం కింద చూపాలి?

బరంపురం_పాత_గుమస్తా
ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చేదైతే సున్నా అండీ. అది డిపాజిట్, ఎన్నేళ్లయినా అప్పుగానే ఉంటుంది. ముందుగా ఇచ్చిన అద్దె అయితేనే నెలనెలా కొంచెం కొంచెం ఆదాయంలోకి వస్తుంది. ఒప్పంద పత్రంలో ఏం రాసుకున్నారో చూడండి.

జయపురం_టాలీ
ఒకటి మరిచారు. ఏప్రిల్ 5న జీతం ఇచ్చినప్పుడు మళ్లీ జీతం ఖర్చు కింద కొడితే 14,000 రెండుసార్లు పడుతుంది. నేను మొదటి ఏడు అలాగే చేశాను. మే నెలలో చూస్తే చెల్లించాల్సిన ఖర్చుల లెడ్జర్‌లో అదే మొత్తం కదలకుండా కూర్చుంది, అలా పట్టుకున్నాను. ఇప్పుడు ఏప్రిల్ 1నే అన్ని సర్దుబాట్లూ తిరగేసి వేసేస్తాను. F7 జర్నల్‌లో అయిదు నిమిషాల పని.

బరంపురం_పాత_గుమస్తా
జీతం, కరెంటులకి అది మంచి పద్ధతే. 40,000 కూడా అలాగే తిరగేస్తే ఏడాది లెక్క తప్పదు, కోర్సు జులైలో అయిపోతుంది కాబట్టి. కానీ నెలవారీ లాభం చూసేవాళ్లకి ఏప్రిల్ ఒక్కదానిలోనే 40,000 ఆదాయం కనిపిస్తుంది, మే, జూన్, జులై ఖాళీగా ఉంటాయి. నేనైతే ఫీజు, ఇన్సూరెన్స్‌లని తిరగెయ్యను. నెలకి 10,000 చొప్పున అడ్వాన్స్ ఫీజు లోంచి ఆదాయానికి, 600 చొప్పున ప్రీపెయిడ్ లోంచి ఖర్చుకి మారుస్తాను.

జయపురం_టాలీ
మా దగ్గర నెలవారీ లెక్క అడిగే ఓనర్ ఒక్కడూ లేడు గురువు గారూ. 😄

రాయగడ_కుర్రాడు
ఇంకో సందేహం. ఆ పదిమంది దగ్గర చేరేటప్పుడు తలా 500 ప్రవేశ రుసుము కూడా తీసుకున్నాం. మానేసినా తిరిగివ్వం. దాన్నీ ఆరు నెలలకి పంచాలా?

జయపురం_టాలీ
తిరిగివ్వం అంటే సంపాదించేసినట్టే. మొత్తం ఈ ఏడే.

బరంపురం_పాత_గుమస్తా
తిరిగివ్వకపోవడం వేరు, సంపాదించడం వేరు. ఆ 500కి విడిగా ఏ సేవా ఇవ్వకపోతే అదీ కోర్సు ధరలో భాగమే అని నా మాట, నేను పంచేస్తాను. మీ ఆడిటర్ ఒప్పుకోకపోవచ్చు. మొత్తం 5,000 కాబట్టి ముందు ఆయన్నే అడిగి, ఆయన చెప్పినట్టు ప్రతి ఏడూ ఒకేలా రాయండి.