ప్లేజియరిజం రిపోర్ట్ క్లీన్‌గా వస్తే, అది నేనే రాసినట్టు కాదా?

కొత్తకలం: నా వ్యాసానికి సిమిలారిటీ 2% వచ్చింది. ఆ రిపోర్ట్ జతచేసి పంపినా, ఎడిటర్ "ఇది మీరు రాసిందేనా?" అని అడుగుతున్నారు. 98% నా సొంతమని రిపోర్టే చెబుతోంది కదా, ఇంకేం రుజువు కావాలి?

పాతప్రూఫు: రిపోర్ట్ ఆ మాట చెప్పడం లేదండీ. 2% అంటే తన దగ్గరున్న వెబ్ పేజీలు, జర్నళ్లు, పాత సబ్మిషన్లతో మీ వాక్యాలు అంతమేర కలిశాయని. మిగతా 98% ఎక్కడా దొరకలేదని మాత్రమే. దొరకనిదంతా మీదేనని ఎక్కడా లేదు.

ఒక వాక్యం తీసుకోండి: "రక్తంలో చక్కెర స్థాయి పెరిగినప్పుడు క్లోమం ఇన్సులిన్ విడుదల చేస్తుంది." ఇందులో 8 మాటలున్నాయి. చెకర్ వరసగా ఐదేసి మాటలు పట్టుకుని వెతుకుతుందనుకుందాం. నాలుగు ముక్కలవుతాయి, నాలుగూ ఏదో ఒక పాఠంలో దొరికేస్తాయి. అదే విషయాన్ని "చక్కెర ఎక్కువైతే ఇన్సులిన్ వదలడం క్లోమం పని" అని రాస్తే ఒక్క ముక్కా కలవదు. నిజం సాఫ్ట్‌వేర్లు ఇంతకన్నా తెలివిగా పనిచేస్తాయి, కానీ పోల్చేది మాత్రం ఉన్న పాఠంతోనే. మెషీన్ రాసిన వ్యాసం ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించింది కాదు, మాట తర్వాత మాటగా అప్పటికప్పుడు అల్లినది. అందుకే దానికీ 0% రావడం మామూలే. డబ్బిచ్చి ఇంకొకరితో కొత్తగా రాయించినా అంతే. ఆ దందా ఈ మెషీన్లు రాకముందు నుంచీ ఉంది.

సూటిమాట: ఇంత చర్చ ఎందుకు? ఏఐ డిటెక్టర్‌లో కూడా వేసి, రెండు రిపోర్టులూ కలిపి పంపేయండి. అదీ క్లీన్‌గా వస్తే ఎడిటర్ నోరు మూతపడుతుంది.

చుక్కలముగ్గు: నాకైతే ఉల్టా జరిగింది. నా థీసిస్ డ్రాఫ్ట్‌ని మా డిపార్ట్‌మెంట్‌లో చెకింగ్‌కి వేసినప్పుడు అది వాళ్ల రిపాజిటరీలో ఉండిపోయింది. ఫైనల్ కాపీ వేస్తే దాదాపు మొత్తం కాపీ అని వచ్చింది, నా రాతే నాకు దొంగ సొత్తయింది! గైడ్ లెటర్ ఇచ్చేదాకా ఒకటే టెన్షన్. ఇంతకీ రిఫరెన్స్ లిస్ట్‌ని లెక్కలోంచి తీసేయించడం ఎలాగో ఎవరికైనా తెలుసా?

పాతప్రూఫు: చుక్కలముగ్గు గారూ, రిపోర్ట్ సెట్టింగ్స్‌లో బిబ్లియోగ్రఫీ వదిలేయమనే ఆప్షన్ ఉంటుంది, చూడండి. మీ కేసు ఈ చర్చకి బాగానే పనికొస్తుంది. సొంత రాతకే అంత కలిసిందంటే, ఎవరు రాశారన్నది ఆ అంకెలో లేనట్టే.

సూటిమాట గారు ఒక మాట సరిగానే పట్టుకున్నారు, డిటెక్టర్ వేరే ప్రశ్న అడుగుతుంది. పాత పాఠాలతో పోల్చదు. తర్వాత వచ్చే మాట ఎంత సులువుగా ఊహించేలా ఉంది, వాక్యాలన్నీ ఒకే తూకంలో నడుస్తున్నాయా, ఇలాంటివి చూసి ఒక అంచనా చెబుతుంది. అది అంచనాయే. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో సొంతంగా ఒక డిటెక్టర్ విడుదల చేసింది. వాళ్ల పరీక్షలోనే అది మెషీన్ రాతల్లో 26% పట్టుకుంది, మనుషుల రాతల్లో 9% మీద తప్పుగా ముద్ర వేసింది. ఆ లెక్కన 100 వ్యాసాల్లో 10 మెషీన్‌వి అనుకోండి. వాటిలో రెండో మూడో దొరుకుతాయి. మిగతా 90లో ఎనిమిది మంది నిర్దోషులు ఇరుక్కుంటారు. ఖచ్చితత్వం తక్కువని అదే ఏడాది జులైలో దాన్ని తీసేశారు.

సూటిమాట: అది పాత కథ. ఇప్పటివి చాలా మెరుగయ్యాయి.

పాతప్రూఫు: కొన్ని మెరుగయ్యాయి, కాదనను. కానీ పదజాలం తక్కువగా ఉండి, పద్ధతిగా రాసేవాళ్ల రాత మెషీన్ రాతలా కనబడే గొడవ ఉంది. అదే 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లలో వేస్తే, సగటున సగానికి పైగా మెషీన్ రాతలని తేలాయి. ఇక క్లీన్ అని వచ్చినా లాభం లేదు. మెషీన్ రాతని కాస్త అటూ ఇటూ మార్చి దాటించడం పెద్ద పనేం కాదు.

కొత్తకలం: మరి నేనేం పంపాలి? గూగుల్ డాక్స్‌లోనే రాశాను.

పాతప్రూఫు: అయితే వెర్షన్ హిస్టరీ చూపించండి. ఏ పేరా ఎప్పుడు వచ్చింది, ఏది కొట్టేశారు, ఏది పైకి జరిపారు, అన్నీ తేదీలతో కనిపిస్తాయి. మొత్తం వ్యాసం ఒకే పేస్ట్‌లో దిగి ఉంటే అదీ కనిపిస్తుంది. నోట్సు ఉంటే జతచేయండి. ఫలానా వాదన ఎందుకు వదిలేశారని ఎడిటర్ ఫోన్‌లో అడిగితే చెప్పగలగాలి.

సూటిమాట: పక్కన మెషీన్ రాత పెట్టుకుని నిదానంగా టైప్ చేస్తే? హిస్టరీ బ్రహ్మాండంగా వస్తుంది కదా!

పాతప్రూఫు: వస్తుంది. చూసి ఎక్కించేవాళ్లు సాధారణంగా వెనక్కెళ్లి దిద్దరు, పై నుంచి కిందకి సాఫీగా పోతారు. దాన్నీ నటించొచ్చు, ఒప్పుకుంటాను. అందుకే ఆ ఫోన్ మాట కూడా అన్నాను.

చుక్కలముగ్గు: నోటితో చెప్పడం రానివాళ్ల సంగతేంటి? వైవాలో నాకు గొంతే పెగల్లేదు.

కొత్తకలం: హిస్టరీ లింక్ పంపాను. మొదటి రెండు పేరాలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకుని ఎక్కించినవి, ఆ పేజీల ఫొటోలు కూడా పెట్టాను. ఎడిటర్ ఇంకా చూడలేదు.