“ఇచ్చినప్పుడు” అనాలా, “తెలిసినప్పుడు” అనాలా? బాణాల బొమ్మ దగ్గర ఒక మాట

మాధవి:
అందరికీ నమస్కారం. ఏ సంగతి మీద ఏది ఆధారపడుతుందో బాణాలతో చూపే బేసియన్ నెట్‌వర్క్ బొమ్మ చదవడం మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. నేను పెట్టిన బొమ్మ ఇది:

```
కరెంటు పోయింది → ఫ్యాన్ ఆగింది
కరెంటు పోయింది → ఛార్జింగ్ ఎక్కలేదు
ఛార్జర్ పాడైంది → ఛార్జింగ్ ఎక్కలేదు
ఛార్జింగ్ ఎక్కలేదు → ఫోన్ ఆఫ్ అయింది
```

దీని కింద “కరెంటు సంగతి ఇవ్వబడినప్పుడు ఫ్యాన్, ఛార్జింగ్ నియత స్వతంత్రాలు” అని రాశాను. చదివిన పిల్లాడు “ఎవరు ఇచ్చారండీ?” అని అడిగాడు. సంభావ్యత రాసేటప్పుడు నిలువు గీత పెట్టి దాని కుడి పక్కన రాసే ఆ “గివెన్”కి తెలుగులో ఏం రాస్తే బాగుంటుంది?

శేషగిరి:
“స్వతంత్రాలు” సరే. నామవాచకం రాయాల్సి వస్తే మాత్రం స్వాతంత్ర్యం, స్వతంత్రత రెండూ సాధువులే. “స్వాతంత్రం” అని రాయకండి, ఈ మధ్య అందరూ అలాగే రాస్తున్నారు.

మాధవి:
మంచి మాటే శేషగిరి గారూ, కానీ నేనడిగింది అది కాదు. “ఇవ్వబడినప్పుడు” గురించి.

కిరణ్:
“తెలిసినప్పుడు” అని రాసేయండి, గొడవ ఉండదు. కరెంటు పోయిందో లేదో నాకు ముందే తెలిస్తే, ఫ్యాన్ ఆగిందన్న వార్త ఛార్జింగ్ గురించి కొత్తగా ఏమీ చెప్పదు. బొమ్మ చదవడం కూడా అంత తేలికే. ఒక్కో సంగతినీ ఒక గుండ్రం అనుకుని, రెండు గుండ్రాల మధ్య బాణాల దారి వెతకాలి, ఆ దారిలో మనకు తెలిసిన గుండ్రం ఉంటే దారి తెగినట్టు. అంతే.

పద్మజ:
మాట వరకు ఒప్పుకుంటాను కిరణ్, సూత్రం మాత్రం సగమే. గుండ్రంలోంచి బాణం బయటికి పోతున్నప్పుడే అది నిజం. రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి ఒకే గుండ్రంలో దిగితే అంతా తలకిందులవుతుంది. మాధవి గారి బొమ్మలో “ఛార్జింగ్ ఎక్కలేదు” అలాంటిది. అక్కడ ఏమీ తెలియనప్పుడే దారి తెగి ఉంటుంది, తెలిస్తే తెరుచుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. వంద రోజుల్లో 10 రోజులు కరెంటు పోతుంది. 10 రోజులు ఛార్జర్ మొరాయిస్తుంది. ఈ రెండిటికీ సంబంధం లేదు కాబట్టి రెండూ కలిసొచ్చేది 1 రోజు. ఏ ఒక్కటి జరిగినా ఛార్జింగ్ ఎక్కదు అనుకుందాం. అంటే ఎక్కని రోజులు 19. ఆ 19లో ఛార్జర్‌ది తప్పయిన రోజులు 10, సగం కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు ఫ్యాన్ వైపు చూశారు, ఆగి ఉంది. కరెంటు పోయినందుకే అయి ఉంటుందని ఛార్జర్ మీద అనుమానం తగ్గిపోతుంది. ఫ్యాన్‌కీ ఛార్జర్‌కీ ఏ సంబంధమూ లేదు, అయినా ఛార్జింగ్ ఎక్కలేదని తెలిసిన మరుక్షణం ఒకదాని వార్త రెండోదాని మీద పని చేస్తోంది.

కరెంటు పోయిందని నేరుగా తెలిస్తే? అప్పుడు ఆ 10 రోజుల్లో ఛార్జర్ పాడైంది 1 రోజే. మళ్ళీ పదింట ఒకటి, మొదట్లో ఎంత ఉందో అంతే. ఇక ఫ్యాన్ వంక చూసినా ఛార్జర్ లెక్క కదలదు, ఎందుకంటే ఫ్యాన్ నుంచి వచ్చే దారి కరెంటు దగ్గర తెగింది.

కిరణ్:
ఓహో. మరి ఛార్జింగ్ సంగతి నేను చూడలేదు, ఫోన్ ఆఫ్ అయిందని మాత్రమే తెలుసు. అప్పుడు దారి మూసినట్టేనా?

పద్మజ:
కాదు, తెరిచినట్టే. ఫోన్ ఆఫ్ అవడం ఛార్జింగ్ గురించి ఎంతో కొంత చెబుతుంది కదా. ఫోన్ వేరే కారణాలతోనూ ఆఫ్ అవుతుంటే ఆ ప్రభావం పల్చగా ఉంటుంది. అందుకే ఎదురు బాణాల గుండ్రం కనిపిస్తే దాని దగ్గరే ఆగకుండా, దాని నుంచి కిందికి పోయే బాణాల కొసలన్నీ చూడాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నేనూ తప్పాను.

రమణ:
మా ఆఫీసులో జరిగింది చెబుతాను, ఇదేనో కాదో చూడండి. ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ళ రాత పరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ మార్కులు పక్కపక్కన పెట్టి చూశాం. రాతలో బాగా వచ్చినవాళ్ళకి ఇంటర్వ్యూలో తక్కువ, ఇందులో ఎక్కువైతే అందులో తక్కువ. చదువుకున్నవాళ్ళకి మాట్లాడటం రాదని మా పై అధికారి తేల్చేశారు.

పద్మజ:
అచ్చంగా ఇదే రమణ గారూ. రాత, ఇంటర్వ్యూ రెండింటి నుంచీ బాణాలు “ఎంపిక”లో దిగుతాయి. మీ దగ్గర ఉన్నది ఎంపికైనవాళ్ళ జాబితా మాత్రమే. రెండూ కలిపి గీత దాటాలి కాబట్టి, ఒకటి తక్కువున్నవాడు లోపలికి రావాలంటే రెండోది ఎక్కువుండాలి. దరఖాస్తు పెట్టిన అందరి మార్కులూ తీసి చూడండి, ఆ వాలు పోవచ్చు. ఆసుపత్రి రోగుల లెక్కల్లో ఇలాంటి ఉచ్చే ఉందని గణాంకవేత్త బెర్క్‌సన్ 1946లోనే చూపించాడు.

మాధవి:
అయితే “తెలిసినప్పుడు” కూడా చెడిపోయిందే! రమణ గారి ఆఫీసులో ఎవరికీ ఏదీ కొత్తగా తెలియలేదు. జాబితా ముందే వడపోసి వచ్చింది, అంతే.

శేషగిరి:
ఇప్పుడు విషయం అర్థమైంది. తర్కశాస్త్రంలో “సోపాధికం” అనే మాట ఉంది. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు, తడి కట్టె తోడైతేనే ఉంటుంది. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు. “సోపాధిక స్వతంత్రత” అనొచ్చేమో.

కిరణ్:
శేషగిరి గారూ, ఉపాధి అంటే ఈ రోజుల్లో ఉద్యోగం. ఉద్యోగం దొరికాక వచ్చిన స్వతంత్రత అనుకుంటారు 😀

పద్మజ:
నవ్వులాట అటుంచితే, ఉపాధి అనేది తర్కంలో లోపాన్ని పట్టుకోవడానికి పుట్టిన మాట. ఇక్కడి “గివెన్”లో లోపమేమీ లేదు, రెండిటికీ పోలిక కొంతవరకే.

రమణ:
“ఛార్జింగ్ సంగతిని అలాగే నిలిపి చూస్తే” అంటే?

పద్మజ:
దానిలో ఇంకో చిక్కుంది. నిలపడమంటే మన చేత్తో చేసినట్టు వినిపిస్తుంది. నేనే ప్లగ్ పీకేసి ఛార్జింగ్ ఆపాననుకోండి. అప్పుడు ఛార్జింగ్ ఎక్కకపోవడానికి కారణం నేను, కాబట్టి ఆ గుండ్రంలోకి వచ్చే బాణాలన్నీ చెరిపేయాలి. ఫ్యాన్ ఆగినా ఛార్జర్ మీద అనుమానం పెరగదు, తగ్గదు. చూడటం వేరు, చేయడం వేరు. కంప్యూటర్ శాస్త్రవేత్త జూడియా పెర్ల్ ఈ బొమ్మలకి 1985లో బేసియన్ నెట్‌వర్క్ అని పేరు పెట్టాడు, తర్వాత ఈ తేడా మీదే చాలా పని చేశాడు.

మాధవి:
అంటే “ఇచ్చిన”లో ఇచ్చేవాడు, “తెలిసిన”లో తెలుసుకునేవాడు, “నిలిపిన”లో చేసేవాడు, ఎటు తిప్పినా ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. పోనీ “కరెంటు పోయిన రోజులే తీసుకుని చూస్తే, ఫ్యాన్, ఛార్జింగ్ ఒకదాని గురించి ఒకటి ఏమీ చెప్పవు; పోని రోజులు తీసుకున్నా అంతే” అని రాస్తే?

కిరణ్:
ఇది బాగుంది. పొడుగైంది, అయినా ఆ పిల్లాడు ఇంకేమీ అడగడు.

పద్మజ:
అడుగుతాడు. “మరి బొమ్మలో దారి తెగకపోతే సంబంధం ఉన్నట్టేనా?” అని అడుగుతాడు. అప్పుడు అవునని చెప్పేయకండి. దారి తెగితే స్వతంత్రమని బొమ్మ హామీ ఇస్తుంది. తెగకపోతే సంబంధం ఉండొచ్చు అన్నంతవరకే. రెండు దారులుండి, ఒకటి పెంచేదీ ఒకటి తగ్గించేదీ అయితే లెక్కల్లో సరిగ్గా కొట్టేసుకోవచ్చు. అరుదు, కానీ కుదరనిది కాదు.

శేషగిరి:
“తీసుకుని చూస్తే” వాక్యంలో సరే. గీత కుడి పక్కన రాయడానికి ఒక్క మాట కావాలిగా? “దృష్ట్యా” ఎలా ఉంటుంది?

మాధవి:
“కరెంటు దృష్ట్యా” అంటే కరెంటు వల్ల అని చదువుతారేమో శేషగిరి గారూ. రేపు ఆ పిల్లాడికే రెండూ చూపించి అడుగుతాను.